“ఇచ్చేయమ్మా, మంచి పాపవి కదూ” అంటే పంచుకోవడం రాదు

అపోహ: అడిగిన వెంటనే ఇచ్చేయడమే పంచుకోవడం.

నాలుగైదేళ్ల పిల్లల కోసం రాసే పాఠ ప్రణాళికల్లో ఒకే నాటిక మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఒక పాప కారుతో ఆడుకుంటుంది, ఒక బాబు వచ్చి అడుగుతాడు, పాప ఇచ్చేస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. ఇందులో ఆట మధ్యలో ఆగిపోయిన పాప సంగతి ఎవరూ అడగరు. చూసే పిల్లలకు అర్థమయ్యేది ఒక్కటే: అడిగితే వస్తుంది, ఏడిస్తే ఇంకా త్వరగా వస్తుంది. రేపటి నుంచి కారు చేతిలో ఉన్నవాడు ఎవరైనా దగ్గరకొస్తే చాలు, దాన్ని ఒళ్లో దాచుకుంటాడు.

వాస్తవం: పిల్లలకు ముందు రావాల్సింది వంతు. ఆట అయ్యేవరకు వస్తువు చేతిలో ఉన్నవాడిదే, అయ్యాక తప్పకుండా రెండోవాడికి వస్తుంది. ఈ రెండో సగం మీద నమ్మకం కుదిరితేనే మొదటి సగాన్ని ఓర్చుకుంటారు.

దీనికి పావుగంట పాఠం చాలు. ఆరుగురు పిల్లలు, రెండు చేతిబొమ్మలు, ఒక కారు, దాన్ని జారవిడవడానికి వాలుగా పెట్టిన ఒక చెక్క. మొదటి రెండు నిమిషాలు బొమ్మలు రెండూ టీచర్ చేతికే. ఒక బొమ్మ కారు జారవిడుస్తుంటే రెండోది లాక్కుంటుంది. అక్కడే ఆపి, “దీనికేమనిపిస్తోంది? దానికేం కావాలి?” అని రెండు బొమ్మల గురించీ అడగాలి. లాక్కున్న బొమ్మను తిట్టించకూడదు, దానికీ కారు కావాలి మరి.

తర్వాత రెండు మాటలు నేర్పాలి. అడిగేవాళ్లది: “నీదయ్యాక నాకిస్తావా?” చేతిలో ఉన్నవాళ్లది: “ఇంకా రెండుసార్లు, తర్వాత నీకే.” చాలా ప్రణాళికల్లో ఈ రెండో మాటే ఉండదు. అది లేకపోతే చేతిలో ఉన్నవాడికి “ఊహూఁ” అనడం తప్ప ఇంకో దారి లేదు.

ఇప్పుడు ఇద్దరిద్దరుగా పిల్లలే ఆడతారు. మూడుసార్లు జారితే ఒక వంతు. ప్రతి పిల్లా అడిగే పాత్రా వేయాలి, చేతిలో ఉన్న పాత్రా వేయాలి. ఒక్కదానితో సరిపెడితే రెండోవైపు ఎలా ఉంటుందో తెలియదు.

బెడిసికొట్టే చోట్లు రెండు. లాక్కునే పాత్ర పిల్లలకిస్తే పాఠం అక్కడితో సరి, అది అన్నిటికన్నా సరదా అయిన పాత్ర. అందరూ అదే కావాలంటారు, రెండో జంటకే నిజంగా లాక్కుంటారు. అందుకే ఆ పాత్ర టీచర్ చేతిబొమ్మదే. రెండోది ఇసుక గడియారం. అది పెడితే వంతు ఉన్న పిల్ల ఆట మానేసి ఇసుకనే చూస్తూ కూర్చుంటుంది. జారుడు ఆటలాగా దానంతటదే ముగిసే పని ఉంటే గడియారం అక్కర్లేదు. ఊయల లాంటి వాటికి ముగింపు ఉండదు కాబట్టి పది ఊపులని లెక్కపెట్టుకోవచ్చు.

అపోహ: పంచుకోని పిల్లలకు న్యాయం తెలియదు, స్వార్థం ఎక్కువ.

తెలుసు, బాగానే తెలుసు. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు స్టిక్కర్లు ఇచ్చి చూశారు. అన్ని వయసులవాళ్లూ సమానంగా పంచాలనే చెప్పారు, పంచే వేళకి చిన్నవాళ్లు మాత్రం తమకే ఎక్కువ ఉంచుకున్నారు. సగానికి సగం ఇవ్వడం ఏడెనిమిదేళ్లవాళ్లలో కనిపించింది. మూడేళ్ల పాపని “స్వార్థపరురాలు” అనేసి కంగారుపడుతున్న అమ్మానాన్నలు ముందు ఆ మాట మానేయాలి. రెండేళ్లవాళ్లకైతే ఈ పాఠమే వద్దు, ఒకే రకం బొమ్మలు రెండు పెడితే చాలు.

అపోహ: అందరికీ సమానంగా ఇస్తే న్యాయం అయిపోయినట్టే.

ఏడు దిమ్మెలు, రెండు బొమ్మలు పెట్టి పంచమనండి. “నీకొకటి, నీకొకటి” అని పిల్లలు చకచకా పంచేస్తారు, ఏడోదాని దగ్గర ఆగిపోతారు. దాచేద్దామంటారు, టీచర్‌కిద్దామంటారు, పెద్ద బొమ్మకివ్వాలంటారు. తీర్పు చెప్పకుండా ప్రతిదానికీ “రెండో బొమ్మ ఒప్పుకుంటుందా?” అని మాత్రం అడగండి. ఆ తర్వాత, దిమ్మెలన్నీ ఏరి తెచ్చింది ఒక బొమ్మేనని చెప్పి మళ్లీ అడగండి. జవాబులు మారతాయి. ఒక్కరోజులో రెండు పాఠాలూ కలపకండి, వంతుల పాఠం కుదిరిన వారానికి ఇది పెట్టుకోవచ్చు.

పాఠం పట్టిందా లేదా అన్నది వలయంలో కూర్చోబెట్టి అడిగితే తెలియదు, అక్కడ అందరూ సరైన జవాబే చెబుతారు. రెండు రోజులాగి ఆటల మూలలో చూడాలి. ఎవరైనా లాక్కోబోయి ఆగి “నీదయ్యాక” అన్నారంటే పట్టినట్టే. కారు ఉన్నవాడు తనంతట తానే వెళ్లి ఇచ్చాడంటే ఇంకా బాగా పట్టినట్టు. “టీచర్, వాడివ్వట్లేదు” అనే ఫిర్యాదు మాత్రమే వినిపిస్తుంటే, “ఇంకా రెండుసార్లు” అనే మాటని మళ్లీ బొమ్మలతో ఆడించాలి.