నెలసరి గాడి తప్పినప్పుడు హార్మోన్ ప్యానెల్: అపోహలు – వాస్తవాలు

నెలసరి సరిగా రావడం లేదంటే అండాశయాలను నడిపే ఎఫ్‌ఎస్‌హెచ్, పాలు తయారవడానికి పనికొచ్చే ప్రొలాక్టిన్, మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పరీక్షలు రాసి పంపడం మామూలే. రిపోర్టు చేతికి రాగానే అందరి చూపూ ముందుగా పక్కన బాణం గుర్తు పడిన అంకె మీదికే పోతుంది. కానీ ఈ పరీక్షల్లో ఆ అంకె ఎంతో తెలిస్తే చాలదు. రక్తం ఎప్పుడు ఇచ్చారు, ఏ మందులు వాడుతూ ఇచ్చారు అనేదీ తెలియాలి. అపోహలన్నీ అక్కడే పుడుతున్నాయి కాబట్టి, ఒక రిపోర్టును ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.

వయసు 26. నెలసరి 45 నుంచి 60 రోజులకోసారి వస్తోంది. మొటిమలు ఉన్నాయి, గడ్డం కింద రెండు మూడు ముదురు వెంట్రుకలు తప్ప అవాంఛిత రోమాలు పెద్దగా లేవు. గర్భం లేదని ముందే పరీక్ష చేసి తేల్చుకున్నారు. రిపోర్టులో ఎఫ్‌ఎస్‌హెచ్ 5.8, దాని జంట హార్మోన్ ఎల్‌హెచ్ 10.9, ప్రొలాక్టిన్ 41 (ల్యాబ్ పరిమితి 25), మొత్తం టెస్టోస్టిరాన్ 52 (పరిమితి 60), థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ 2.6 అని ఉంది. చూసినవాళ్లలో ఒకరు "ప్రొలాక్టిన్ ఎక్కువ ఉంది, తలకి ఎంఆర్‌ఐ తీయాలి" అంటారు. ఇంకొకరు "మగ హార్మోన్ నార్మల్ కాబట్టి పీసీఓఎస్ కాదు" అంటారు. రెండూ తొందరపాటే.

అపోహ: ఈ ప్యానెల్ చేస్తే పీసీఓఎస్ ఉందో లేదో తేలిపోతుంది.

పీసీఓఎస్‌ను తేల్చే రక్తపరీక్ష ఏదీ లేదు. పెద్దవాళ్లలో మూడు లక్షణాలు చూస్తాం: నెలసరి అస్తవ్యస్తం కావడం, మగ హార్మోన్లు ఎక్కువగా ఉండటం (ఒంటి మీద కనిపించినా సరే, రక్తంలో కనిపించినా సరే), స్కానింగ్‌లో అండాశయాల నిండా అండాలుండే చిన్న సంచులు, అంటే ఫాలికిల్స్ ఉండటం లేదా వాటి నుంచి వచ్చే ఏఎంహెచ్ హార్మోన్ రక్తంలో ఎక్కువగా ఉండటం. వీటిలో రెండు ఉండి, ఇవే లక్షణాలు తెచ్చే వేరే జబ్బులేవీ లేవని తేలితే అది పీసీఓఎస్. నెలసరి మొదలై ఎనిమిదేళ్లు నిండని అమ్మాయిల్లో స్కానింగ్‌నూ ఏఎంహెచ్‌నూ లెక్కలోకి తీసుకోకూడదు. ఆ వయసులో అండాశయాలు అలా కనిపించడం సహజం.

ఈ లెక్కన ప్యానెల్‌లో పీసీఓఎస్‌కు నేరుగా సాక్ష్యం చెప్పేది టెస్టోస్టిరాన్ ఒక్కటే. ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, టీఎస్‌హెచ్, వీటితో పాటు అడ్రినల్ గ్రంథి లోపం కోసం చేయాల్సిన 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ ఉన్నది వేరే కారణాలను పక్కకు తప్పించడానికి. నెలసరి తప్పుతూ, అవాంఛిత రోమాలు స్పష్టంగా కనిపిస్తున్న మనిషిలో టెస్టోస్టిరాన్ నార్మల్ వచ్చినా పీసీఓఎస్ నిర్ధారణ చెడిపోదు.

అపోహ: నెలసరి రెండో రోజో మూడో రోజో ఇవ్వకపోతే ఆ రక్తం పనికిరాదు.

రెండు నుంచి ఐదో రోజు లోపల ఇస్తే మంచిదే. ఆ రోజుల్లో ఎఫ్‌ఎస్‌హెచ్‌ను అణిచిపెట్టే ఈస్ట్రడయాల్ అనే ఆడ హార్మోన్ తక్కువగా ఉంటుంది. అండం విడుదలకు ముందు ఎగసే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌ల అలజడీ ఉండదు. కానీ రెండు నెలలకోసారి నెలసరి వచ్చే మనిషిని ఆ రోజు కోసం కూర్చోబెట్టనక్కర్లేదు. గర్భం లేదని తేల్చుకుని ఏ రోజైనా రక్తం తీసుకోవచ్చు. చేయాల్సిందల్లా ఆ తర్వాత నెలసరి ఎప్పుడు వచ్చిందో రాసుకోవడం. రెండు వారాల లోపే వచ్చిందంటే ఆ రక్తం అండం విడుదల సమయంలోనో, ఆ తర్వాతో తీసింది అయ్యుండవచ్చు. అప్పుడు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ అంకెల్ని నమ్మకూడదు. మన రిపోర్టులో నెలసరి 20 రోజుల తర్వాత వచ్చింది కాబట్టి ఆ చిక్కు లేదు.

ప్రొలాక్టిన్‌కు మాత్రం రోజు కంటే గంట ముఖ్యం. నిద్రలో అది బాగా పెరిగి, లేచాక మెల్లగా దిగుతుంది. 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్‌ను, టెస్టోస్టిరాన్‌ను పొద్దున్నే చూడాలి. రెండింటికీ కుదిరే దారి, ఆరింటికి లేచి ఎనిమిది ప్రాంతంలో పరగడుపున రక్తం ఇవ్వడం.

అపోహ: ఎఫ్‌ఎస్‌హెచ్ నార్మల్ అంటే అండాశయాలకు ఢోకా లేనట్టే.

ఎఫ్‌ఎస్‌హెచ్‌ను ఒంటరిగా చదవకూడదు, పక్కన ఈస్ట్రడయాల్ ఉండాలి. నలభై ఏళ్లలోపు స్త్రీలో ఎఫ్‌ఎస్‌హెచ్ 25 దాటితే అండాశయాలు ముందుగానే అలసిపోతున్నాయని అనుమానించాలి. అది రోజురోజుకీ మారుతుంది కాబట్టి అనుమానం మిగిలితే నాలుగు వారాలు పోయాక మళ్లీ చూడాలి. ఇక ఎఫ్‌ఎస్‌హెచ్ 7 ఉండి, అదే రక్తంలో ఈస్ట్రడయాల్ 80 పికోగ్రాములు దాటి ఉంటే ఆ 7కు అర్థం లేదు. ఈస్ట్రడయాల్ దాన్ని కిందికి తొక్కి ఉండవచ్చు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పరిస్థితి ఇంకొకటి ఉంది. పీసీఓఎస్ అని తరచూ పొరబడేది దీన్నే. బాగా బరువు తగ్గినవాళ్లలో, తిండి తగ్గించి విపరీతంగా వ్యాయామం చేసేవాళ్లలో మెదడు నుంచి సంకేతమే తగ్గిపోతుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ నార్మల్ పరిధిలో అడుగున ఉంటుంది, ఎల్‌హెచ్ ఇంకా తక్కువ, ఈస్ట్రడయాల్ కూడా తక్కువే. స్కానింగ్‌లో అండాశయాలు ఒక్కోసారి పీసీఓఎస్‌లాగే కనిపిస్తాయి. ఆ మనిషికి "పీసీఓఎస్, బరువు తగ్గండి" అని చెబితే జరిగే నష్టం చిన్నది కాదు.

ఎల్‌హెచ్ ఎఫ్‌ఎస్‌హెచ్‌కు రెట్టింపు ఉంటేనే పీసీఓఎస్ అన్న పాత లెక్కను ఇప్పుడు వాడటం లేదు. మన రిపోర్టులో అది దాదాపు రెట్టింపే ఉంది, దాని ఆధారంగా మాత్రం ఏదీ నిర్ణయించలేం.

అపోహ: ప్రొలాక్టిన్ పెరిగిందంటే మెదడులో గడ్డ ఉన్నట్టే.

ఒక్కసారి చూసిన 41కే ఎంఆర్‌ఐ అక్కర్లేదు. సూది భయం, అప్పుడే మెట్లెక్కి రావడం, నిద్ర లేచిన వెంటనే రక్తం ఇవ్వడం, ఇవన్నీ ప్రొలాక్టిన్‌ను కొంత పెంచుతాయి. అన్నిటికంటే ఎక్కువగా తప్పుదారి పట్టించేవి మందులు. వాంతులకు వాడే డోంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్, గ్యాస్ మాత్రల్లో కలిపి వచ్చే లెవోసల్పిరైడ్, మానసిక సమస్యలకు వాడే రిస్పెరిడోన్ వంటివి ప్రొలాక్టిన్‌ను బాగా పెంచుతాయి. "మందులేమైనా వాడుతున్నారా" అని అడిగితే చాలామంది లేదనే అంటారు, ఎందుకంటే గ్యాస్ మాత్రను మందుల్లో లెక్కపెట్టరు. "కడుపు మంటకు ఏం వేసుకుంటారు" అని విడిగా అడగాలి. మన రిపోర్టులో అదే జరిగింది. పొద్దున వేసుకునే గ్యాస్ క్యాప్సూల్‌లో డోంపెరిడోన్ ఉంది.

సరైన పద్ధతి ఇది. ముందు థైరాయిడ్ చూడాలి, ఎందుకంటే థైరాయిడ్ తగ్గినా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. డాక్టరుతో మాట్లాడి అలాంటి గ్యాస్ మందును మూడు రోజులు ఆపి, లేచి రెండు గంటలు గడిచాక, ఇరవై నిమిషాలు నెమ్మదిగా కూర్చుని మళ్లీ రక్తం ఇవ్వాలి. మానసిక సమస్యలకు వాడే మందును మాత్రం సొంతంగా ఆపకూడదు. అది రాసిన డాక్టరే నిర్ణయించాలి. మన ఉదాహరణలో రెండోసారి ప్రొలాక్టిన్ 17 వచ్చింది, కథ అక్కడితో ముగిసింది.

అప్పటికీ ఎక్కువగానే ఉండి ఏ లక్షణమూ లేకపోతే మాక్రోప్రొలాక్టిన్ చూడమని ల్యాబ్‌ను అడగాలి. ప్రొలాక్టిన్ యాంటీబాడీతో అతుక్కుని పెద్ద ముద్దగా తిరుగుతుంటుంది. యంత్రం దాన్నీ లెక్కేస్తుంది కానీ ఒంట్లో అది పెద్దగా పనిచేయదు. ప్రొలాక్టిన్ 200 నానోగ్రాములు దాటితే గడ్డ అనుమానం బలపడుతుంది. అయితే అంకె చిన్నదే కదా అని వదిలేయకూడని సందర్భం కూడా ఉంది. చూపు పక్కల తగ్గుతున్నా, తలనొప్పి వదలకపోయినా ఎంఆర్‌ఐ తీయాల్సిందే. ప్రొలాక్టిన్ తయారుచేయని పెద్ద గడ్డ, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి కాడను నొక్కినప్పుడు కూడా ప్రొలాక్టిన్ కొద్దిగానే పెరుగుతుంది.

పీసీఓఎస్ ఉంటే ప్రొలాక్టిన్ కొంచెం పెరగడం మామూలే అనుకుని వదిలేయడం కూడా సరికాదు. కారణం విడిగా వెతకాలి.

అపోహ: మొత్తం టెస్టోస్టిరాన్ నార్మల్ ఉంటే మగ హార్మోన్ల సమస్య లేనట్టే.

రక్తంలో టెస్టోస్టిరాన్ ఎక్కువ భాగం ప్రొటీన్లకు అతుక్కుని ఉంటుంది. దాన్ని గట్టిగా పట్టుకునేది ఎస్‌హెచ్‌బీజీ. అతుక్కోకుండా విడిగా ఉన్న కొద్దిపాటి భాగమే చర్మం మీద, వెంట్రుకల కుదుళ్ల మీద పనిచేస్తుంది. పీసీఓఎస్‌లో ఇన్సులిన్ ఎక్కువగా ఉండటం వల్ల కాలేయం ఎస్‌హెచ్‌బీజీని తక్కువగా తయారుచేస్తుంది. దాంతో మొత్తం అంకె మారకపోయినా విడి భాగం పెరుగుతుంది.

మన రిపోర్టునే లెక్కిద్దాం. మొత్తం టెస్టోస్టిరాన్ 52 నానోగ్రాములు/డెసిలీటర్. దాన్ని 28.8తో భాగిస్తే 1.8 నానోమోల్/లీటర్. ఎస్‌హెచ్‌బీజీ విడిగా చేయిస్తే 18 నానోమోల్/లీటర్ వచ్చింది. విడి భాగం ఎక్కువో తక్కువో అంచనా వేసే లెక్క ఇది:

ఫ్రీ ఆండ్రోజెన్ ఇండెక్స్ = 1.8 × 100 ÷ 18 = 10

చాలా ల్యాబ్‌లలో 5 దాటితే ఎక్కువ కిందే లెక్క. అదే 52 ఉన్న ఇంకో స్త్రీకి ఎస్‌హెచ్‌బీజీ 60 ఉంటే ఇండెక్స్ 3 మాత్రమే. 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ 0.9 వచ్చింది, 2 నానోగ్రాముల కంటే తక్కువ కాబట్టి అడ్రినల్ గ్రంథి నుంచి పుట్టుకతో వచ్చే లోపాన్ని పక్కన పెట్టొచ్చు. నెలసరి తేడా, రక్తంలో పెరిగిన మగ హార్మోన్, రెండూ ఉన్నాయి, వేరే కారణాలు లేవు. స్కానింగ్ లేకుండానే పీసీఓఎస్ నిర్ధారణ అయింది.

"ఫ్రీ టెస్టోస్టిరాన్" అని నేరుగా కొలిచి ఇచ్చే చౌక కిట్ల ఫలితాన్ని ఈ లెక్కకు బదులుగా వాడొద్దు. మొత్తం టెస్టోస్టిరాన్‌ను కూడా మాస్ స్పెక్ట్రోమెట్రీలో చూడటం మేలు. స్త్రీలలో ఉండే తక్కువ మోతాదుల దగ్గర మామూలు ఇమ్యునో పరీక్షలు తడబడతాయి. మొత్తం 150 దాటినా, కొద్ది నెలల్లోనే గొంతు బొంగురుపోయి రోమాలు వేగంగా పెరిగినా, అది పీసీఓఎస్ దారి కాదు. అండాశయాల్లో, అడ్రినల్‌లో గడ్డ కోసం వెంటనే చూడాలి.

గర్భనిరోధక మాత్రలు ఎస్‌హెచ్‌బీజీని పెంచి, అండాశయాల్ని నిద్రపుచ్చుతాయి. వాటిని వాడుతూ చేసిన టెస్టోస్టిరాన్, ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్షలు నిర్ధారణకు పనికిరావు. ఆపి కనీసం మూడు నెలలు ఆగాలి, ఆ మధ్యలో గర్భం రాకుండా వేరే జాగ్రత్త పాటించాలి.

జుట్టు రాలుతోందని బయోటిన్ వేసుకునేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కొన్ని యంత్రాల పరీక్షా విధానం బయోటిన్ మీదే నడుస్తుంది. రక్తంలో అది ఎక్కువగా ఉంటే టెస్టోస్టిరాన్ లేనిపోని ఎక్కువగా, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, టీఎస్‌హెచ్ లేనిపోని తక్కువగా కనిపిస్తాయి. జుట్టు రాలడం, నెలసరి తేడా కలిసి ఉన్న మనిషిలో అలాంటి రిపోర్టు అచ్చం పీసీఓఎస్‌లా కనిపిస్తుంది, నిజంగా ఉన్న ప్రొలాక్టిన్ సమస్య దాని వెనక దాక్కుంటుంది. 5 నుంచి 10 మిల్లీగ్రాముల మాత్రలైతే పరీక్షకు మూడు రోజుల ముందే ఆపి, ఆపిన తేదీ ల్యాబ్ ఫారం మీద రాయించాలి.