‘స్త్రీ’ ఎంత చోటు అడుగుతుంది?

అమ్మ ఫోన్‌లో కథలు చదువుతుంది. మొన్న ఒక రీడింగ్ యాప్‌లో అక్షరాలు బాగా పెద్దవి చేసుకుని, "ఇదేమిట్రా, వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి" అంటూ ఫోన్ నా చేతిలో పెట్టింది. చూస్తే పై వరుసలో ‘స్త్రీ’ కిందున్న వత్తులు, కింది వరుసలో ‘కీర్తి’ మీదున్న గుడిదీర్ఘాన్ని గుద్దుకుని ఉన్నాయి. రెండూ చదవడానికి రావడం లేదు.

ఇలాంటి తప్పుకి మామూలుగా కనిపించే కారణం వరుస ఎత్తును పిక్సెళ్లలో బిగించేయడం. అక్షరం 16 పిక్సెళ్లప్పుడు వరుసకి 28 ఇచ్చారనుకోండి, అది 1.75 రెట్లు, హాయిగా ఉంటుంది. పాఠకుడు అక్షరాన్ని 32కి పెంచితే వరుస మాత్రం 28 దగ్గరే ఉండిపోతుంది. ఇంగ్లీషు కూడా ఇక్కడ ఇరుకున పడుతుంది గానీ తెలుగు ఇంకా ముందే పడుతుంది. మన అక్షరానికి పైన గుడి, నడుమ హల్లు, కింద వత్తు, ఒక్కోసారి ఆ వత్తుకి తోడు ఇంకో వత్తు. ‘స్త్రీ’లో ఇవన్నీ ఉన్నాయి. అందుకే నేను తెలుగు పాఠానికి 1.7 దగ్గర మొదలుపెడతాను, అదీ యూనిట్ లేకుండా. అలా రాస్తే అక్షరం ఎంత పెరిగితే వరుసా అంత పెరుగుతుంది.

```css
.katha {
  font-size: 1.125rem;
  line-height: 1.7;
  max-width: 30em;
  text-align: start;
}
```

ఇక వరుస పొడవు. ఇంగ్లీషుకి 45 నుంచి 75 అక్షరాలు బాగుంటాయని అచ్చుపనివాళ్లు చాలాకాలంగా చెప్పే లెక్క. అంతకన్నా పొడవైతే వరుస చివరి నుంచి వెనక్కి వచ్చే చూపు తర్వాతి వరుస మొదలు పట్టుకోలేక తడబడుతుంది. ఆ అంకెను తెలుగుకి ఉన్నదున్నట్టు తేలేం. ‘స్త్రీ’ మనకి ఒక్క అక్షరం, రోమన్ లిపిలో రాస్తే నాలుగైదు. చాలామంది వాడే `65ch` కూడా మనకి కుదరదు, ఎందుకంటే `ch` కొలిచేది సున్నా అంకె వెడల్పును. `em` అలా కాదు, అది అక్షర పరిమాణమే.

ఫోన్ వెడల్పు 360 పిక్సెళ్లు, రెండు పక్కలా 20 చొప్పున మార్జిన్ అనుకుందాం. పాఠానికి మిగిలేది 320. అక్షర పరిమాణం 18 అయితే వరుసకి దాదాపు 17.8 `em`. తెలుగు అక్షరం వెడల్పు సగటున ముప్పావు `em` అనుకుంటే 23, 24 అక్షరాలు పడతాయి. చదవడానికి చాలు. పరిమాణాన్ని రెట్టింపు చేస్తే పన్నెండుకి మించవు. ‘చెప్పుకోవలసివచ్చినప్పుడు’ అనే ఒక్క మాటకే పదకొండు అక్షరాలు! ఇలాంటి చోట రెండు అంచులూ సమంగా ఉండాలని పట్టుబడితే వరుసకి రెండు మాటలు మిగిలి, వాటి మధ్య పెద్ద ఖాళీ పడుతుంది. కుడి అంచును వదిలేయడమే మేలు. మార్జిన్‌ను కూడా `em`లో ఇవ్వకూడదు, అక్షరంతో పాటు అదీ పెరిగి ఉన్న కాస్త చోటూ తినేస్తుంది. పెద్ద ట్యాబ్లెట్ మీద మాత్రం పైన రాసిన 30 `em` హద్దు పనికొస్తుంది, సుమారు నలభై అక్షరాల దగ్గర వరుస ఆగుతుంది.

ఫాంట్ మార్చుకునే వీలు ఇచ్చేటప్పుడు ఇంకో చిక్కు. రెండు ఫాంట్లకీ 18 అనే అంకే ఇచ్చినా ఒకదానిలో అక్షరం గుండ్రంగా పెద్దగా, మరోదానిలో చిన్నగా కనిపించవచ్చు. ఆ అంకె అక్షరం కూర్చునే గడికి చెందినది, గడిలో అక్షరం ఎంత నిండిందో అది చెప్పదు. పాఠకుడు ఫాంట్ మార్చగానే అక్షరాలు కుంచించుకుపోతే వెనక్కి వెళ్లిపోతాడు. అందుకని జాబితాలో పెట్టే ప్రతి ఫాంట్‌లోనూ ‘క’ ఎత్తు కొలిచి, `@font-face`లో `size-adjust` శాతంతో అన్నిటినీ ఒక స్థాయికి తేవాలి. ఈ-బుక్ రీడర్లలో మరో సంగతి: పాఠకుడు ఎంచుకున్న ఫాంట్‌లో తెలుగు లేకపోతే ఇంగ్లీషు మాటలు, అంకెలు మారతాయి, తెలుగు మాత్రం పరికరం దగ్గరున్న వేరే ఫాంట్‌లోనే వస్తుంది. ఒకే వాక్యంలో రెండు రకాల మందాలు కనిపిస్తే కారణం ఇదే కావచ్చు.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది, పరిమాణం మార్చగానే చదువుతున్న చోటు పోవడం. అక్షరం రెట్టింపైతే పాఠం దాదాపు నాలుగు రెట్లు పొడవవుతుంది: వరుసలు రెట్టింపు, వాటి ఎత్తూ రెట్టింపు. పైనుంచి 3000 పిక్సెళ్ల దగ్గర ఉన్న వాక్యం ఇప్పుడు 12000 దరిదాపుల్లో ఉంటుంది. కాబట్టి గుర్తు పెట్టుకోవలసింది పిక్సెల్ కాదు, తెర పైఅంచున ఏ పేరా ఉందో అది. పరిమాణం మార్చాక ఆ పేరానే మళ్లీ పైఅంచుకి తేవాలి.

పరీక్షకి నేను వాడేది మూడు వరుసల ముక్క. ఒకదాని కింద ఒకటి ‘స్త్రీ’, ‘కీర్తి’, ‘రాష్ట్రీయం’. పరిమాణం 200 శాతానికి పెంచి, జాబితాలోని ఫాంట్లన్నీ ఒక్కొక్కటే మారుస్తాను. గుడికీ పై వరుస వత్తుకీ మధ్య తెల్లటి సందు కనిపించాలి. మొదటి వరుస గుడి, చివరి వరుస వత్తు పెట్టె అంచున తెగిపోకూడదు.