కంపెనీ అప్పు ఎవరి అప్పు? ఒక బూట్ల వ్యాపారి కేసు వెనుక చరిత్ర

లండన్‌లో వైట్‌చాపెల్ హై స్ట్రీట్‌లో ఆరన్ సాలమన్ అనే ఆయనకు బూట్లు తయారుచేసే వ్యాపారం ఉండేది. దాదాపు 30 ఏళ్లు సొంతంగా నడిపాడు, బాగానే సంపాదించాడు. 1892లో దాన్ని లిమిటెడ్ కంపెనీగా మార్చాడు. మరుసటి ఏడాది అక్టోబరుకల్లా ఆ కంపెనీ దివాలా తీసింది. పూచీకత్తు లేకుండా అప్పిచ్చినవాళ్లకు రావాల్సింది 7 వేల పౌండ్లకు పైనే ఉంది. వాళ్ల చేతికి ఏమీ వచ్చేలా లేదు.

మునిగిన కంపెనీ ఆస్తి అమ్మి అప్పులు తీర్చే బాధ్యత ఉన్న లిక్విడేటర్ వాళ్ల తరఫున అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. ఈ కంపెనీలో 20,007 షేర్లుంటే అందులో 20,001 సాలమన్‌వే. మిగతా ఆరూ ఆయన భార్యకు, కూతురికి, నలుగురు కొడుకులకు తలా ఒకటి. దుకాణం అదే, సరుకు అదే, నడిపే మనిషీ అతనే. మరి అప్పు మాత్రం అతనిది కాకుండా ఎలా పోతుంది?

కంపెనీ పెట్టినవాళ్లు దాని అప్పులన్నిటికీ సొంతంగా ఎందుకు బాధ్యులు కారు అని ఈ రోజు ఎవరు అడిగినా, జవాబు చివరికి ఈ కేసు దగ్గరికే వస్తుంది. ఈ రక్షణను మొదట తెచ్చింది వ్యాపారం నడిపేవాళ్ల కోసం కాదు. దూరంగా ఉండి డబ్బు మాత్రం పెట్టేవాళ్ల కోసం తెచ్చారు. అది నడిపేవాడికి కూడా దక్కుతుందా లేదా అన్నది సాలమన్ కేసులోనే తేలింది. అందుకే కథ కొంచెం వెనక నుంచి చెప్పుకోవాలి.

భాగస్వామ్య వ్యాపారంలో పాత సూత్రం ఒకటుంది. వ్యాపారం అప్పు భాగస్తులందరి అప్పు. పైగా పంచుకుని కట్టే అప్పు కాదు, అప్పిచ్చినవాడు తలుచుకుంటే మొత్తం సొమ్మూ ఒక్కరి దగ్గరే వసూలు చేసుకోవచ్చు. ఇద్దరు ముగ్గురు కలిసి చేసే వ్యాపారంలో ఇది అన్యాయమేమీ కాదు. ఒకరినొకరు ఎరుగుదురు, రోజూ లెక్కలు చూసుకుంటారు. కానీ రైలు మార్గాలకూ గనులకూ వందల మంది దగ్గర డబ్బు పోగుచేయాల్సిన కాలం వచ్చాక ఈ సూత్రం మోయలేని బరువైంది. వంద పౌండ్లు పెట్టిన మనిషికి లెక్కల పుస్తకం కంటికి కనిపించదు, మేనేజరు ఎవరో తెలియదు. అయినా ఇల్లూ వాకిలీ మొత్తం ఆ వ్యాపారానికి పూచీ పడినట్టే.

బ్రిటన్‌లో 1844 చట్టం రిజిస్ట్రేషన్ ద్వారా కంపెనీ పెట్టుకునే వీలు ఇచ్చింది. కంపెనీకి తన పేరు, తన ఆస్తి వచ్చాయి. కానీ అప్పులు కంపెనీ ఆస్తితో తీరకపోతే వాటాదారుల మీద పడటం మాత్రం ఆగలేదు. షేరు అమ్మేసినవాడిని కూడా మూడేళ్ల దాకా ఆ బాధ్యత వదల్లేదు.

ఇక్కడ రెండు విషయాలను వేరు చేసి చూడాలి, చాలామంది కలిపేస్తుంటారు. కంపెనీ తన సభ్యుల నుంచి వేరైన 'వ్యక్తి' కావడం ఒకటి. సభ్యుల బాధ్యతకు హద్దు ఉండటం ఇంకొకటి. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది రాదు. 1844లో వచ్చింది మొదటిదే.

రెండోది 1855లో వచ్చింది. ఆ ఏటి చట్టం ప్రకారం కనీసం 25 మంది సభ్యులుండాలి, షేరు 10 పౌండ్లకు తక్కువ ఉండకూడదు, అందులో ఐదో వంతు చేతికి వచ్చి ఉండాలి, పేరు చివర 'లిమిటెడ్' అని రాసుకోవాలి. ఆ హద్దు ఎలా పనిచేస్తుందో చూద్దాం. 10 పౌండ్ల షేరు తీసుకున్నవాడు 2 పౌండ్లు కట్టాడనుకోండి. కంపెనీ మునిగితే లిక్విడేటర్ మిగిలిన 8 పౌండ్లు అడుగుతాడు. అవి కట్టి తీరాలి. ఆ పైన కంపెనీ ఎంత బాకీ పడినా అతణ్ని పైసా అడగడానికి లేదు. 'లిమిటెడ్' అనే మాటలోని పరిమితి కంపెనీ అప్పుకు కాదు. కంపెనీ తన దగ్గరున్నదంతా ఊడ్చి ఇవ్వాల్సిందే. పరిమితి సభ్యుడి జేబుకు.

మరుసటి ఏడాదే, 1856లో, రాబర్ట్ లో అనే మంత్రి ముందుండి తెచ్చిన కొత్త చట్టం నిబంధనలను సడలించింది. 25 మంది అక్కర్లేదు, ఏడుగురు చాలన్నారు. సాలమన్ ఇంట్లో సరిగ్గా ఏడుగురు కావడం తరువాతి కథ.

హద్దు లేకపోతే ఏమయ్యేదో చూడాలంటే గ్లాస్గో వెళ్లాలి. కంపెనీలకు పరిమిత బాధ్యత వచ్చాక కూడా చాలా బ్యాంకులు దాన్ని తీసుకోలేదు. వాటాదారుల సొంత ఆస్తి అండగా ఉందంటే డిపాజిటర్లకు ధైర్యంగా ఉంటుందని వాటి నమ్మకం. సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంక్ కూడా అలాంటిదే. 1878 అక్టోబరులో అది కుప్పకూలింది. లెక్కలు ఏళ్ల తరబడి తప్పుడువని బయటపడింది, డైరెక్టర్లు జైలుకు వెళ్లారు. కానీ లోటు పూడ్చాల్సింది మాత్రం 1,819 మంది వాటాదారులు.

లిక్విడేటర్లు మొదట 100 పౌండ్ల వాటాకు 500 పౌండ్ల చొప్పున కట్టమన్నారు. అది కట్టలేక చాలామంది చితికిపోయారు. వాళ్లు కట్టలేనిది గాలిలో కలిసిపోలేదు, ఇంకా నిలబడి ఉన్నవాళ్ల మీద పడింది. దాంతో రెండోసారి అడిగింది 100 పౌండ్ల వాటాకు 2,250 పౌండ్లు. చివరికి దివాలా తీయకుండా మిగిలింది 254 మంది. ఇతరుల పిల్లల కోసం, వితంతువుల కోసం ట్రస్టీలుగా తమ పేరున షేర్లు ఉంచుకున్నవాళ్లను కూడా కోర్టు వదల్లేదు. రిజిస్టరులో పేరుంది కాబట్టి సొంత ఆస్తి నుంచే కట్టమంది. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. వాళ్లకు ఆ బ్యాంకు లాభంలో ఒక్క పెన్నీ కూడా రాదు.

ఇందులో ఒక లెక్క దాగి ఉంది. బాధ్యతకు హద్దు లేనప్పుడు నా నష్టం నా పెట్టుబడిని బట్టి ఉండదు, పక్క వాటాదారుడి దగ్గర ఎంత ఆస్తి ఉందో దాన్ని బట్టి ఉంటుంది. అతను పేదవాడైతే నా భారం పెరుగుతుంది. హద్దు ఉంటే పక్కవాడు ఎవరన్నది నాకు అక్కర్లేదు. ముక్కూ మొహం తెలియని వందల మంది ఒకే వ్యాపారంలో డబ్బు పెట్టగలిగింది ఆ నిశ్చింత వల్లే. గ్లాస్గో తరువాత బ్యాంకులు కూడా ఒక్కొక్కటిగా పరిమిత బాధ్యతలోకి మారాయి.

ఇదంతా దూరపు పెట్టుబడిదారుడికి సంబంధించిన న్యాయం. సాలమన్ దూరపు మనిషి కాదు. అక్కడే చిక్కు వచ్చింది.

ఆయన తన వ్యాపారాన్ని కంపెనీకి సుమారు 39 వేల పౌండ్లకు అమ్మాడు. ఆ ధర బాగా ఎక్కువేనని తరువాత జడ్జిలు కూడా అన్నారు. అందులో 20 వేలకు షేర్లు తీసుకున్నాడు. 10 వేలకు కంపెనీ డిబెంచర్లు రాసిచ్చింది, అంటే కంపెనీ ఆస్తి మొత్తం మీద తాకట్టు హక్కు ఉన్న అప్పు పత్రాలు. ఆయన చేతికి నగదుగా వచ్చింది 1,000 పౌండ్లు మాత్రమే. మిగతాది పాత వ్యాపారపు బాకీలు తీర్చడానికి పోయింది. పాత అప్పులవాళ్లలో ఒక్కరూ నష్టపోలేదు.

తరువాత బూట్ల పరిశ్రమలో సమ్మెలు వచ్చాయి, ప్రభుత్వ ఆర్డర్లు చేజారాయి. కంపెనీని నిలబెట్టాలని సాలమన్ తన డిబెంచర్లను బ్రోడెరిప్ అనే ఆయన దగ్గర పెట్టి 5 వేల పౌండ్లు తెచ్చి కంపెనీకే ఇచ్చాడు. అదీ చాలలేదు. వడ్డీ ఆగిపోయింది, బ్రోడెరిప్ ఆస్తి మీద పడ్డాడు. ఆయన అప్పు తీరాక వెయ్యి పౌండ్ల చిల్లర మిగిలింది. డిబెంచర్ల మీద అది కూడా సాలమన్‌కే పోవాలి. అది పోతే సరుకు అప్పుకిచ్చినవాళ్లకు మిగిలేది సున్నా.

కింది కోర్టులో జడ్జి వాన్ విలియమ్స్‌కు ఇది మింగుడు పడలేదు. కంపెనీ సాలమన్‌కు ఏజెంటు మాత్రమే, ఏజెంటు చేసిన అప్పు యజమాని తీర్చాలి అన్నాడు. అప్పీలు కోర్టు ఇంకా గట్టిగా మాట్లాడింది. పార్లమెంటు ఏడుగురు అన్నది నిజంగా కలిసి వ్యాపారం చేసే ఏడుగురిని ఉద్దేశించి, ఒక్కడూ అతని ఆరుగురు కీలుబొమ్మలూ కాదు అన్నది. అప్పటికి సాలమన్ దగ్గర కోర్టు ఖర్చులకు కూడా డబ్బు లేదు. అప్పట్లో బ్రిటన్‌లో చివరి అప్పీలు కోర్టుగా ఉన్న ప్రభువుల సభకు నిరుపేద హోదాలో అప్పీలు చేసుకున్నాడు.

1896 నవంబరు 16న ప్రభువుల సభ ఏకగ్రీవంగా కింది తీర్పులను కొట్టేసింది. లార్డ్ హాల్స్‌బరీ వాదన నాకు ఇప్పటికీ తిరుగులేనిదిగా అనిపిస్తుంది. కంపెనీ అనేది ఉందా, లేదా? ఉంటే వ్యాపారం దానిది, అప్పు కూడా దానిదే. లేదంటే ఇక ఏజెంటు ఎక్కడున్నాడు? లేని మనిషి ఎవరికీ ఏజెంటు కాలేడు. చట్టం ఏడుగురు ఉండాలన్నది తప్ప, వాళ్లు చుట్టాలు కాకూడదనీ, తలా ఇన్ని షేర్లు ఉండాలనీ అనలేదు. లేని షరతును జడ్జిలు చేర్చడానికి వీల్లేదు. లార్డ్ మెక్‌నాటన్ ఇంకో మాట చేర్చాడు. వ్యాపారం మునుపటిలాగే, అవే చేతుల మీదుగా నడుస్తున్నా, చట్టం దృష్టిలో కంపెనీ వేరే వ్యక్తి. అప్పిచ్చినవాళ్లకు తాము లిమిటెడ్ కంపెనీతో వ్యవహరిస్తున్నామని తెలుసు, వాళ్ల నష్టానికి సాలమన్ బాధ్యుడు కాడన్నాడు. మోసం జరిగిందని ఎవరూ రుజువు చేయలేదు.

ఆ చివరి మాట ముఖ్యం, ఎందుకంటే మినహాయింపులన్నీ దాని చుట్టూనే పెరిగాయి. అప్పులవాళ్లను మోసం చేయాలనే వ్యాపారం నడిపితే సొంత ఆస్తితో కట్టాలని బ్రిటన్ 1928లో చట్టం తెచ్చింది. మోసం లేకపోయినా, మునగక తప్పదని తెలిసీ లేదా తెలియాల్సి ఉండీ అప్పులు పెంచుకుంటూ పోయిన డైరెక్టర్ల మీద 1986లో బాధ్యత పెట్టింది. ఆ రక్షణ పోయే దారి ఇంకొకటి మరీ మామూలుది. వ్యవస్థాపకుడే కంపెనీ అప్పుకు పర్సనల్ గ్యారంటీ సంతకం పెడతాడు. అప్పుడు బ్యాంకు అడిగేది కంపెనీ అప్పును కాదు, అతని సొంత మాటను.

ఈ గ్యారంటీ అడగగలిగేది బలం ఉన్నవాడే. బ్యాంకు అడుగుతుంది, పెద్ద స్థలం అద్దెకిచ్చేవాడు అడుగుతాడు. నెల అప్పు మీద తోలు దింపిపోయిన చిన్న వ్యాపారి అడగలేడు. మెక్‌నాటన్ కూడా ఇది గమనించాడు. డిబెంచర్లు ఉన్నవాళ్లు మొత్తం ఆస్తిని, ఇంకా డబ్బు కట్టని సరుకుతో సహా, ఊడ్చుకుపోవడం పెద్ద అన్యాయమని సాలమన్‌ను గెలిపించిన తీర్పులోనే రాశాడు. మరుసటి ఏడాది, 1897లో, డిబెంచర్ల వాళ్లకంటే ముందు పనివాళ్ల జీతాల బకాయిలు కొంతవరకు చెల్లించాలని పార్లమెంటు చట్టం చేసింది. తోలు ఇచ్చినవాడు మాత్రం వరుసలో ఉన్నచోటే ఉన్నాడు.