పచ్చ అంటే ఏ పచ్చ? రంగుల అనువాదంలో అపోహలు - వాస్తవాలు

అపోహ: రంగుల పేర్లకు డిక్షనరీ చాలు.

వాస్తవం: నేను తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి అనువాదాలు చేస్తాను. మొదట్లో ఓ ఆరోగ్య కరపత్రంలో 'కళ్లు పచ్చబడితే డాక్టరుకు చూపించండి' అన్న వాక్యం వచ్చింది. చకచకా 'గ్రీన్' అని రాసేశాను. సరిచూసినావిడ ఫోన్ చేసి, 'కామెర్లొస్తే కళ్లు ఏ రంగుకి తిరుగుతాయండీ?' అని అడిగింది. అప్పుడు వెలిగింది. పచ్చగడ్డిలో పచ్చ గ్రీన్, పచ్చకామెర్లలో పచ్చ యెల్లో. ఇంగ్లిష్ రెండుగా చూసే భాగాన్ని మన పాత మాట ఒకటిగానే పట్టుకుంది. విడదీయాల్సి వచ్చినప్పుడు ఆకుపచ్చ, పసుపుపచ్చ అంటాం. కథల్లో ఇంకో గొయ్యి ఉంది: 'పచ్చటి మేనిఛాయ' గల అమ్మాయిని గ్రీన్ చేస్తే ఆమె వేరే గ్రహం నుంచి దిగినట్టే.

ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి వచ్చేటప్పుడు ఇదే చిక్కు ఎదురు తిరుగుతుంది. చాలా దేశాల్లో ఎర్త్ వైరుకి ఆకుపచ్చ, పసుపు చారలు కలిసి ఉంటాయి. మాన్యువల్‌లో దాన్ని 'పచ్చ వైరు' అంటే చదివేవాడు ఏ వైరు పట్టుకుంటాడు? సూచనల్లో విడిగా 'పచ్చ' అని రాయడం నేను పూర్తిగా మానేశాను.

అపోహ: జపాన్ వాళ్లకు నీలానికీ ఆకుపచ్చకీ తేడా తెలియదు.

వాస్తవం: తెలుసు. ఆకుపచ్చకు 'మిదోరి' అనే మాట వాళ్లకుంది. కానీ 'అఓ' అనే పాత మాట నీలంతో పాటు ఆకుపచ్చలో కొంత భాగాన్నీ కలుపుకుంటుంది, మన పచ్చ ఆకుపచ్చనీ పసుపునీ కలుపుకున్నట్టే. అందుకే వెళ్లమని చెప్పే సిగ్నల్ వాళ్లకు అఓ, చట్టంలోనూ అదే మాట. 'అఓ వచ్చాక రోడ్డు దాటండి' అన్నదాన్ని 'నీలం లైటు వచ్చాక' అని తెచ్చామా, పాఠకుడు లేని లైటు కోసం నిలబడిపోతాడు. అఓ ఆపిల్ అంటే ఆకుపచ్చ ఆపిల్. ముఖం అఓ అయిందంటే పాలిపోయిందని. కాబట్టి అఓ కనిపించగానే పక్కనున్న నామవాచకం చూడాలి. అది దొరక్కపోతే బొమ్మ పంపమని అడగాలి.

అపోహ: మాట లేకపోతే ఆ రంగు కంటికి ఆనదు.

వాస్తవం: ఆనుతుంది. రష్యన్‌లో ముదురు నీలం 'సీనీ', లేత నీలం 'గలుబోయ్', రెండూ వేర్వేరు రంగులు. 2007లో వచ్చిన ఒక ప్రయోగంలో, ఈ రెంటి మధ్య హద్దుకు అటూ ఇటూ ఉన్న ఛాయలను రష్యన్లు కాస్త త్వరగా వేరుపరచారు. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లూ వేరుపరచారు గానీ, వాళ్లలో ఆ హద్దు దగ్గర అలాంటి వేగం కనిపించలేదు. మధ్యలో మాటలతో కూడిన ఇంకో పని పెడితే రష్యన్లకున్న ఆ వేగమూ పోయింది. అనువాదకుడికి కావాల్సింది ఇంతే: సీనీ కోటు, గలుబోయ్ కండువా రెంటినీ 'నీలం' అంటే రచయిత చూపించిన తేడా మాయమవుతుంది. నేనైతే ఒకటి ముదురు నీలం, రెండోది ఆకాశనీలం అని రాస్తాను.