నాలుగో మెట్టు మీద పుషప్

గాజువాక నుంచి ఒక డ్రిల్లు మాస్టారు ఫోన్ చేశారు. "సార్, గ్రౌండులో ఎనిమిది స్టేషన్లు పెట్టాను. స్టేషన్‌కి ఐదుగురు, అరనిమిషం వ్యాయామం, అరనిమిషం విరామం. విజిల్ వేస్తే అందరూ బాగానే తిరుగుతున్నారు. పుషప్ దగ్గరికి వచ్చేసరికి కొందరు బోర్లా పడిపోతున్నారు, కొందరు తీసేసి కబుర్లు చెప్పుకుంటున్నారు. ఏం చేయమంటారు?"

తప్పు పిల్లలది కాదు, లెక్కది. పుషప్‌లో మనం ఎత్తేది మన బరువునే. కానీ మొత్తం బరువు కాదు. కాలివేళ్లు నేలకి ఆనిన చోట ఒక కీలు ఉన్నట్టు, ఒళ్లంతా ఒక పలక అన్నట్టు ఊహించుకోండి. పలక బరువులో కొంత వేళ్ల మీద, మిగతాది చేతుల మీద పడుతుంది. పెద్దవాళ్లని కొలిచి చూస్తే, నేల మీద తీసేటప్పుడు చేతుల మీద పడేది దాదాపు 64 శాతం. అదే చేతుల్ని 30 సెంటీమీటర్ల ఎత్తున పెడితే 55, 60 సెంటీమీటర్ల ఎత్తున పెడితే 41. ఒళ్లు నిటారుగా లేచేకొద్దీ బరువు పాదాల మీదికి జారిపోతుంది కాబట్టి ఇలా తగ్గుతుంది. గోడకి చేతులానించి నిలబడి తోస్తే ఇంకా చాలా తక్కువ.

ఇప్పుడు ఇద్దరు పిల్లల్ని తీసుకుందాం. ఒకడు 48 కిలోలు, ఇంకొకడు 70. నేల మీద మొదటివాడి చేతుల మీద పడేది 31 కిలోలు, రెండోవాడి మీద 45. రెండోవాడు మూడు తీసి కూలబడితే క్లాసంతా నవ్వుతుంది. వాణ్ణి 60 సెంటీమీటర్ల గట్టు దగ్గరికి తీసుకెళ్లండి. 70లో 41 శాతం అంటే సుమారు 29 కిలోలు. సన్నటివాడు నేల మీద ఎత్తుతున్నదీ దాదాపు అంతే! ఇద్దరూ ఇప్పుడు ఒకే పని చేస్తున్నారు. వాడు బలహీనుడని మనం ఇన్నాళ్లూ అనుకున్నది సగం అబద్ధం.

మోకాళ్లు ఆనించి తీయడం గుర్తొస్తుంది కదా. దానికి దాదాపు 49 శాతం, అంటే గట్టు మీద తీసేదానికంటే బరువే. పైగా దాన్ని మన స్కూళ్లలో "ఆడపిల్లల పుషప్" అని వెక్కిరిస్తారు కాబట్టి మగపిల్లలు చచ్చినా చేయరు. మెట్లయితే ఆ గొడవ లేదు. మెట్టు 15 సెంటీమీటర్లుంటే నాలుగో మెట్టు, రెండో మెట్టు, నేల అని మూడు స్థాయులు వచ్చేస్తాయి. ఇంకా గట్టివాళ్లుంటే చేతులు నేల మీద, పాదాలు రెండో మెట్టు మీద. అప్పుడది 70 శాతం.

ఎవరికి ఏ మెట్టు? ఇక్కడ, ఇలా స్టేషన్లు తిరుగుతూ చేసే సర్క్యూట్ ట్రైనింగ్ పుట్టిన చోటికే వెళ్లాలి. 1953లో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో మోర్గాన్, ఆడమ్సన్ దీన్ని మొదలుపెట్టారు. వాళ్ల పద్ధతిలో ముందు ప్రతి స్టేషన్‌లో గరిష్ఠంగా ఎన్ని చేయగలరో చూసి, అందులో సగాన్ని ఆ మనిషికి డోసుగా ఇచ్చి, మూడు రౌండ్లు తిప్పేవారు. మన చోట ఆ సగం ఎగిరిపోయి స్టేషన్లూ విజిలూ మాత్రమే మిగిలాయి.

మాస్టారికి చెప్పింది ఇదీ. ఒక రోజు పరీక్షకి కేటాయించండి. నడుము జారకుండా అరనిమిషంలో 12 నుంచి 16 దాకా తీయగలిగిన మెట్టే వాడి మెట్టు. సన్నటివాడు నేల మీద 14 తీశాడనుకుందాం, డోసు 7. రెండోవాడు నాలుగో మెట్టు మీద 15 తీశాడు, వాడికీ 7. మొదటి రౌండ్ సులువుగానే ఉంటుంది, కంగారు పడి పెంచొద్దు. మూడో రౌండ్‌లో చూడండి. చివరి రెండూ నెమ్మదించి, వీపు మాత్రం పలకలా ఉంటే సరిపోయింది. నడుము ఉయ్యాలలా కిందికి వేలాడితే ఒక మెట్టు పైకి పంపండి. మూడో రౌండూ మొదటిదానిలాగే సాగిపోతే ఒక మెట్టు కిందికి దించండి.

పక్క స్టేషన్ మాత్రం కాళ్లదై ఉండాలి. వరసగా రెండు చేతుల స్టేషన్లు పెడితే ఈ లెక్కంతా గంగలో కలుస్తుంది.

నాడి చూసి స్థాయి నిర్ణయించొచ్చా అని కూడా అడిగారు. విశాఖ ఉక్కలో చెమట ఆరదు, ఒంటిని చల్లబరచడానికి గుండె అదనంగా కొట్టుకుంటుంది. అదే పనికి డిసెంబరు ఉదయం ఒక అంకె, మే నెలలో ఇంకో అంకె వస్తుంది. దానికంటే రౌండ్ అయ్యాక తన పేరూ, ఊరూ, నాన్న పేరూ ఒక్క ఊపిరిలో చెప్పమనండి. అస్సలు చెప్పలేకపోతే ఎక్కువైంది. అన్నట్టు, మధ్యలో నీళ్లు తాగకూడదన్న పాత నిషేధం ఇంకా కొన్ని గ్రౌండుల్లో నడుస్తోంది. దాన్ని వెంటనే ఎత్తేయండి.

వారం తర్వాత మళ్లీ ఫోన్. ఆయన టేపు పెట్టి కొలిస్తే వాళ్ల వరండాలో మొదటి మెట్టు 22 సెంటీమీటర్లు, మిగతావి 15. అంటే నాలుగోది 67. నా అంకెలు పెద్దవాళ్లవి, ఆరో తరగతి పొట్టివాళ్లకి అది మరీ నిటారు. వాళ్లకి మూడో మెట్టు మీద సుద్దముక్కతో గీత గీశారట.