ఫ్లెక్సీ ముందు నిలబడ్డ గిత్త

చీమకుర్తి వైపు నుంచి ఒక యువకుడు తమ ఒంగోలు గిత్త ఫోటో పంపి, దానిని ఆయిల్ పెయింటింగ్‌లా మార్చి ఇంట్లో పెట్టుకోవాలనుకుంటే గిత్త అంచులు కరిగినట్లు ఎందుకు వస్తున్నాయని అడిగారు. ఆ ఫోటో బండలాగుడు పోటీల దగ్గర తీసినది. గిత్త తెల్లగా, గంగడోలు వేలాడుతూ చక్కగా నిలబడి ఉంది. దాని వెనుక ఎర్రని ఫ్లెక్సీ మీద పెద్ద పెద్ద తెల్లని అక్షరాలు ఉన్నాయి. లోపం పెయింటింగ్ ఫిల్టరులో లేదు, ఆ అక్షరాలలో ఉంది.

ఇటువంటి ఫిల్టర్లలో పాతది, ఎంతో తెలివైనది కువహార ఫిల్టర్. అది ఫోటోలోని ఒక్కొక్క చుక్క, అంటే పిక్సెల్, దగ్గర ఆగి, దాని చుట్టూ ఏడడుగుల గదిలాంటి 7×7 చుక్కల చతురస్రాన్ని తీసుకుని, నాలుగు మూలలకు నాలుగు 4×4 కిటికీలుగా చూస్తుంది. మధ్య చుక్క నాలుగింటిలోనూ ఉంటుంది. ఏ కిటికీలో రంగుల హెచ్చుతగ్గులు అతి తక్కువగా ఉంటాయో, ఆ కిటికీ సగటునే మధ్య చుక్కకు రంగుగా ఇస్తుంది. కుంచెతో అద్దినట్లు రంగు ముద్దలుగా మారడానికి, అయినా అంచులు చెదరకుండా నిలవడానికి ఈ ఎంపికే కారణం.

ఇప్పుడు గిత్త వీపుకు సరిగ్గా ఒక చుక్క అవతల, ఫ్లెక్సీ మీద ఉన్న ఎర్రని చుక్కను చూద్దాం. తెలుపు వెలుగును 230గా, ఎరుపు వెలుగును 40గా అనుకుందాం. గిత్త వైపు తిరిగిన కిటికీలో పన్నెండు చుక్కలు తెలుపు, నాలుగు ఎరుపు. రంగుల హెచ్చుతగ్గులను కొలిచే అంకెను విస్తృతి అంటారు, ఈ కిటికీలో అది సుమారు 6,770. బయటి వైపు కిటికీలో అక్షరాలు పడినందువల్ల సగం తెలుపు, సగం ఎరుపు. దాని విస్తృతి 9,025. ఫిల్టర్ తన నియమం తప్పకుండా గిత్త వైపు కిటికీనే ఎన్నుకుంటుంది, 40గా ఉండవలసిన చుక్క 182 అవుతుంది. అంటే గిత్త తెలుపు బయటికి పొంగింది. అక్షరాలు లేనిచోట బయటి కిటికీ పూర్తిగా ఎరుపే కనుక విస్తృతి సున్నా, అక్కడ అంచు కత్తితో కోసినట్లు నిలుస్తుంది. ఒకచోట పొంగి, ఒకచోట నిలిచిన ఆ అంచునే ఆయన కరిగిందన్నారు.

కనుక వెనుక భాగాన్ని ముందే తీసేసి, గిత్తను ప్రశాంతమైన ఆకాశం మీద ఉంచి, ఆ తరువాతే ఫిల్టర్ వెయ్యాలి. ముందు పెయింటింగ్ చేసి తరువాత కత్తిరించవచ్చు కదా అంటే, అప్పటికే 40, 182గా మారిపోయింది. దానిని విడదీసే దారి లేదు.

కత్తిరింపులో వీపు, మూపురం సులువు. తోక కుచ్చు దగ్గరే పని ఉంది. సన్నని వెంట్రుక చుక్కను పూర్తిగా నింపదు, కొంతభాగమే కప్పుతుంది. ఇప్పుడు వెలుగును కాక, రంగులోని ఎరుపు పాలును మాత్రమే కొలుద్దాం. నల్లని వెంట్రుకలో ఎరుపు పాలు 20, ఫ్లెక్సీలో 220 అనుకుంటే, కెమెరాకు 160 కనిపించిన చుక్కలో వెంట్రుక వాటా ఎంత? 220 నుంచి 160 తీసివేసి, మొత్తం తేడా అయిన 200తో భాగిస్తే 0.3 వస్తుంది. ఈ వాటానే ఆల్ఫా అంటారు. ఆల్ఫా తెలియగానే పని అయిపోయిందనుకోవడం అందరూ చేసే పొరపాటు. 160 అనే రంగునే 0.3 వాటాతో తీసుకువెళ్లి, ఎరుపు పాలు 150 ఉన్న నీలాకాశం మీద ఉంచితే 153 వస్తుంది. నల్లని వెంట్రుక ఆకాశం కంటే ఎర్రబడిందన్నమాట! రంగును కూడా శుద్ధి చేసి, కుచ్చు నడిమి దట్టమైన భాగం నుంచి 20ని తెచ్చిపెడితే 111 వస్తుంది, అదే సరైనది. శుద్ధి చేయని ఎర్రని పొరను ఫిల్టర్ ముద్దగా పెంచి తోక చుట్టూ గులాబీ గీతగా చూపిస్తుంది. ఈ లెక్కకూ ఒక హద్దు ఉంది. తోక వెనుక నల్లనిది ఏదైనా పడితే భాగించవలసిన తేడా సున్నాకు దగ్గరపడి, ఆల్ఫా దొరకదు. అక్కడ వెంట్రుకలను చేతితో గీయక తప్పదు.

కొత్త దృశ్యాన్ని తెల్లగా మాత్రం ఉంచకూడదు, తెల్లని గిత్త అందులో కలిసిపోతుంది. గిట్టల కింద నీడ వెయ్యకపోతే గిత్త గాలిలో తేలుతుంది. అసలు ఫోటోలో ఎండ ఏ వైపు నుంచి పడిందో చూసి, నీడను దాని ఎదుటి వైపుకు వెయ్యాలి.

గిత్త మెడకు దిష్టి తగలకుండా కట్టిన నల్లతాడు ఉంది. ఫోటోలోని గిత్తకు కూడా దిష్టి తగులుతుందా అన్న చర్చలోకి నేను వెళ్లలేదు గానీ, తాడు తప్పక ఉండాలని ఆ యువకుని తండ్రిగారి పట్టుదల. రెండు చుక్కల మందమే ఉన్న ఆ తాడు మీద నిలబడ్డ ఫిల్టరుకు, తాడులో ఒక్క వరుసనే పట్టుకున్న కిటికీ ప్రశాంతంగా తోస్తుంది. అందులో నాలుగింట మూడు వంతులు తెలుపే కనుక తాడు లేత బూడిద రంగులో వెలిసిపోతుంది. అందుకని గిత్తను కత్తిరించేటప్పుడే తాడును వేరే పొరగా తీసి దాచి, పెయింటింగ్ పూర్తయ్యాక దానిని మెడ మీద తిరిగి కట్టాము.