పోయిన ఫోన్‌లో లాగిన్లు తెంచేది ఎలా?

జూబ్లీ బస్ స్టేషన్‌లో కరీంనగర్ బస్సెక్కాక జేబు తడుముకుంటే ఫోన్ లేదు. స్క్రీన్ లాక్ ఉందనుకుందాం. అయినా అందులో మెయిల్, ఫొటోలు, షాపింగ్ యాప్‌లు అన్నీ లాగిన్ అయ్యే ఉన్నాయి. ఫోన్ చేతిలో లేకుండా వాటిని లాగౌట్ చేయవచ్చా? చేయవచ్చు. ఆ ఫోన్ స్విచ్చాఫ్ అయి ఉన్నా చేయవచ్చు. లాగిన్ అయి ఉండడమనేది అసలు ఫోన్‌లో ఉండే సంగతి కాదు కాబట్టే అది వీలవుతుంది.

బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య నడిచే హెచ్‌టీటీపీ అనే సంభాషణ పద్ధతికి జ్ఞాపకం లేదు. ఒక పేజీ అడిగి, మరుక్షణం ఇంకో పేజీ అడిగితే, రెండూ ఒకరే అడిగారని సర్వర్‌కు తెలియదు. ఈ లోటు తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్ ఇంజినీరు లూ మోంటుల్లీ కుకీ అనే చిన్న గుర్తును తెచ్చాడు. మీరు పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టగానే సర్వర్ ఇలాంటి వరుస ఒకటి పంపుతుంది:

```
Set-Cookie: sid=7f3kQ9xLm2; Max-Age=2592000; Secure; HttpOnly
```

ఇక్కడ `sid` సెషన్ నంబరు, అంటే మీ ఈ ఒక్క లాగిన్‌కు గుర్తు. నిజంగా వాడేది దీనికన్నా చాలా పొడుగ్గా, ఊహకందకుండా ఉంటుంది. `Max-Age` సెకన్లలో గడువు. 25,92,000 సెకన్లంటే 30 రోజులు. ఆ తర్వాత అడిగే ప్రతి పేజీతోనూ బ్రౌజర్ ఈ నంబరును జతచేసి పంపుతుంది. పాస్‌వర్డ్ మళ్లీ అడగరు.

గుడి బయట చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెను లాంటిదిది. బిళ్ల మీద ఉన్నది అంకె మాత్రమే. చెప్పులు లోపలి అరలో ఉంటాయి. బిళ్ల ఎవరు చూపిస్తే చెప్పులు వాళ్లవి, అదీ ప్రమాదం. కానీ మీరు వెళ్లి చెబితే స్టాండువాడు ఆ నంబరు కొట్టేస్తాడు. అప్పుడు దొంగ చేతిలో ఉన్నది వట్టి బిళ్ల. రిమోట్ సైనౌట్ అంటే సరిగ్గా ఇదే: సర్వర్ తన పట్టికలో ఆ సెషన్‌ను కొట్టేస్తుంది.

అందుకే సైనౌట్‌కు పోయిన ఫోన్‌తో పని లేదు. ఫోన్‌లోని డేటా చెరిపేయడానికి మాత్రం అది ఆన్‌లైన్‌లోకి రావాలి. ఈ తేడా వల్లే వరుస ముఖ్యం. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ముందు తమ్ముడి ల్యాప్‌టాప్‌లో అజ్ఞాత విండో తెరిచి `google.com/android/find` లో లాక్ చేయండి, ఎక్కడుందో చూడండి. ముందే సైనౌట్ చేస్తే ఫోన్ మీ ఖాతాకు దూరమైపోతుంది, ఇక జాడ చెప్పదు. లాక్ పడ్డాక ఆపరేటర్‌కు చెప్పి సిమ్ ఆపించండి. మరీ ముందే ఆపిస్తే మొబైల్ డేటా పోయి లాక్ ఆదేశమే ఫోన్‌కు చేరకపోవచ్చు. అలాగని గంటలు ఆలస్యం చేయకూడదు. స్క్రీన్ లాక్ ఉన్నా, సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేస్తే ఓటీపీలు అక్కడికే వస్తాయి.

ఆ తర్వాత `myaccount.google.com/device-activity` కు వెళ్లి, పోయిన ఫోన్ మీద నొక్కి `Sign out` ఇవ్వండి. ఒకే ఫోన్ పేరు రెండు మూడుసార్లు కనబడితే కంగారు వద్దు. బ్రౌజర్‌లో ఒక సెషన్, యాప్‌లో ఇంకోటి ఉండవచ్చు. అన్నింటినీ తెంచండి. పాస్‌వర్డ్ కూడా మార్చండి.

ఎక్కువమంది ఇరుక్కునేది ఇంకా ముందే, కొత్తచోట లాగిన్ అయ్యేటప్పుడే. `Yes` నొక్కమని అడిగే సందేశం పోయిన ఫోన్‌కే వెళుతుంది. అక్కడ `Try another way` నొక్కి బ్యాకప్ కోడ్ ఇవ్వాలి. గూగుల్ ఒకేసారి 10 కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి 8 అంకెలు, ఒక్కోటి ఒకసారే పనిచేస్తుంది. అవి కాగితం మీద రాసి ఇంట్లో ఉంచుకున్నవాళ్లకు ఇది రెండు నిమిషాల పని.

గూగుల్ నుంచి సైనౌట్ చేస్తే అన్నీ తెగిపోయాయనుకోవడం పొరపాటు. 'గూగుల్‌తో లాగిన్' నొక్కి చేరిన షాపింగ్ యాప్‌కు తన సెషన్ తనకుంది. గూగుల్ మిమ్మల్ని గుర్తుపట్టి చెప్పింది ఒక్కసారే. ఆ తర్వాత బిళ్ల ఇచ్చింది ఆ యాప్. దాని సెట్టింగుల్లో విడిగా అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేయాల్సిందే. కొన్ని యాప్‌లు గడువును, తమ డిజిటల్ సంతకాన్ని టోకెన్‌లోనే రాసి ఇస్తాయి, ప్రతిసారీ పట్టిక చూడవు. అలాంటి చోట లాగౌట్ కొట్టాక కూడా ఆ గడువు తీరేదాకా పాత ఫోన్ పనిచేస్తూనే ఉంటుంది. దాన్ని గంటకో అంతకు తక్కువకో పరిమితం చేయడం మంచి డిజైన్.

వాట్సాప్ పద్ధతి వేరు. డూప్లికేట్ సిమ్‌తో కొత్త ఫోన్‌లో నమోదు చేసుకుంటే పాత ఫోన్‌లో అదే ఆగిపోతుంది. అయితే అప్పటికే ఆ ఫోన్‌లోకి దిగిన మెసేజ్‌లు, మెయిళ్లు, ఫొటోలు సైనౌట్‌తో పోతాయన్న భరోసా లేదు. వాటికి కాపలా స్క్రీన్ లాక్ ఒక్కటే, లేదా ఫోన్ ఇంకా మీ ఖాతాలో ఉండగా ఆన్‌లైన్‌కు వచ్చినప్పుడు అందే చెరిపివేత ఆదేశం.